తను హైదరాబాద్‌లో, నేను డాలస్‌లో. ఈ బంధం నిలుస్తుందా? (ప్రశ్న జ్యోతిషం)

సింధు_డాలస్ | ఫిబ్రవరి 20, 2026, మ. 2:50

అందరికీ నమస్కారం. ఇక్కడ తెల్లవారుజామున 3:20 అవుతోంది. నిద్ర పట్టక రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నేను ఎంఎస్ అయ్యాక ఇక్కడే ఓపీటీ మీద ఉద్యోగంలో ఉన్నాను. తను హైదరాబాద్‌లో. ఇంజనీరింగ్ నుంచీ పరిచయం. రెండిళ్లలోనూ తెలుసు. ఎవరూ కాదనలేదు, అలాగని ముహూర్తం మాట ఎత్తిన వాళ్లూ లేరు. వచ్చే నెల మా కంపెనీ నా పేరు హెచ్-1బి లాటరీలో పెడుతోంది. వస్తే ఇక్కడే ఉంటాను. తను ఇక్కడికి రావాలంటే దారి కనిపించడం లేదు. బయటి నుంచి తెచ్చుకునే కొత్త హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు పెట్టాక కంపెనీలు ఆ మాటే ఎత్తడం లేదు. పైగా వాళ్లమ్మగారు ఒక్కరే ఉంటారు.

మాకు గొడవల్లేవు. అదే నా భయం. ఇదివరకు పోట్లాడుకునేవాళ్లం, ఇప్పుడు "తిన్నావా, పడుకో" దగ్గరే అయిపోతోంది. నా జాతకం ఉంది. తను పుట్టిన టైమ్ సరిగ్గా తెలీదు. "పాలవాడు వచ్చే వేళకి" అంటారు వాళ్లమ్మగారు. అలాగైనా ఏమైనా చెప్పగలరా?

గుణమేళనం_గోపాల్ | ఫిబ్రవరి 20, మ. 3:10

అమ్మా, మీ ఇద్దరి నక్షత్రాలు చెప్పండి. 36 గుణాల్లో 18 దాటితే దిగులు పడాల్సిన పనే లేదు. నాడీ దోషం ఉందేమో కూడా చూస్తాను.

సింధు_డాలస్ | ఫిబ్రవరి 20, మ. 3:14

నాది రోహిణి అండి. తనది తెలీదు. పుట్టిన రోజున నక్షత్రం మధ్యలో మారిందట, అందుకే టైమ్ లేనిదే చెప్పలేం అన్నారు ఒకాయన.

కూకట్‌పల్లి_శర్మ | ఫిబ్రవరి 20, సా. 4:05

గోపాల్ గారూ, గుణాలు చూసేది సంబంధం కుదుర్చుకునే ముందు. ఈ అమ్మాయి అడిగింది అది కాదు. ఉన్న బంధం దూరాన్ని తట్టుకుంటుందా అని అడుగుతోంది. పైగా ఒకరి జననకాలమే లేనప్పుడు దాన్ని ఊహించి దశలు వేస్తే ఫలితం కూడా ఊహే అవుతుంది. ఇలాంటి చోటే ప్రశ్న కుండలి వేస్తారు. మనసులో బాధ మాటగా బయటికి వచ్చి, చెప్పేవాడికి అందిన వేళనే జననకాలంగా తీసుకుంటాం.

నేను చదివింది 2:55కి, మా ఇంట్లో కూర్చుని. దృక్ గణితం, లాహిరి అయనాంశ. మిథున లగ్నం, 21 డిగ్రీలు దాటింది. లగ్నం అడిగిన వాళ్లది, సప్తమం అవతలి వాళ్లది. కాబట్టి సింధు బుధుడు, ఆ అబ్బాయి గురువు.

బుధుడు కుంభంలో సుమారు 25 డిగ్రీల మీద ఉన్నాడు, అంటే తొమ్మిదో ఇంట్లో. దూరదేశాన ఉన్న మనిషికి ఇంతకన్నా బాగా సరిపోయే చోటు ఏముంటుంది? సప్తమాధిపతి గురువు వచ్చి లగ్నంలో కూర్చున్నాడు, అదీ లగ్న డిగ్రీ పక్కనే. అవతలి మనిషి ధ్యాస అడిగిన మనిషి మీదే ఉందని దీనర్థం. అయితే ఆయన వక్రంలో ఉన్నాడు. మనసు ఉంది, అడుగు వెనక్కి పడుతోంది.

ఇక ఇద్దరికీ ఉన్న సంబంధం. కుంభానికీ మిథునానికీ మధ్య ఉన్నది త్రికోణ దృష్టి, మంచి చూపే. చిక్కు డిగ్రీల్లో ఉంది. వేగంగా నడిచే బుధుడు 25లో, నెమ్మదిగా నడిచే గురువు 21లో. బుధుడు గురువును దాటి నాలుగు డిగ్రీలు ముందుకు పోయాడు. మిగతాది రాత్రికి రాస్తాను, ఇంటికి ఎవరో వచ్చారు.

రాహుకేతు_77 | ఫిబ్రవరి 20, సా. 4:31

శర్మ గారు మొహమాటపడుతున్నారు, నేను చెప్తా. దాటిపోతే ఈసరాఫ యోగం. అంటే కలయిక అయిపోయింది, ఇక విడిపోవడమే. పైగా శుక్రుడు రాహువుతో కలిసి కుంభంలోనే ఉన్నాడు, మధ్యలో రెండు మూడు డిగ్రీలే తేడా. 26 నుంచి బుధుడు వక్రం. ఇన్ని కలిసొచ్చాక ఇంకా ఏం చూడాలి? సిస్టర్, మనసు గట్టి చేసుకోండి.

గల్ఫ్_గౌరి | ఫిబ్రవరి 20, సా. 5:02

ఏంటండీ ఆ మాటలు, అక్కడ పిల్ల నిద్ర లేక ఏడుస్తుంటే! సింధూ, మా ఆయన కువైట్‌లో, నేను రాజోలులో. పెళ్లయిన కొత్తల్లో వెళ్లారు, పెద్దాడు పదో తరగతికి వచ్చాడు. రెండేళ్లకోసారి సెలవు. మా జాతకాలు ఎవరూ చూడలేదు. మా కోనసీమలో వీధికి పది ఇళ్లు ఇలాంటివే. నిలబడింది కదా! నువ్వు కంగారుపడకు.

సింధు_డాలస్ | ఫిబ్రవరి 20, సా. 5:20

థాంక్స్ అక్కా. కానీ మీకు పెళ్లయింది. తిరిగొచ్చే ఇల్లు ఒకటే. మాకు ఆ ఇల్లు ఏ దేశంలో అన్నదే తేలలేదు.

గల్ఫ్_గౌరి | ఫిబ్రవరి 20, సా. 5:26

అది నిజమేలే. అంత దూరం ఆలోచించలేదు.

కూకట్‌పల్లి_శర్మ | ఫిబ్రవరి 20, రా. 9:40

77 గారూ, ఈసరాఫ అన్నారు, సరిగ్గానే పట్టారు. బుధుడికి ఏడు, గురువుకి తొమ్మిది దీప్తాంశలు, సగటు ఎనిమిది. తేడా నాలుగే కాబట్టి యోగం లెక్కలోకి వస్తుంది. దగ్గరితనం ఒకసారి బాగా కుదిరి ఇప్పుడు సడలుతోంది. ఆ అమ్మాయి "తిన్నావా, పడుకో" అన్నది ఇదే. అయితే మీరు అక్కడే ఆగిపోయారు. బుధుడు వక్రిస్తాడని మీరే రాసి, వక్రించి ఎటు వెళ్తాడో చూడలేదు.

26న ఆగి వెనక్కి తిరుగుతాడు. దాటి వచ్చిన గురువు దగ్గరికే మళ్లీ వెళ్తాడు, మార్చి 9 ప్రాంతంలో డిగ్రీలు కలుస్తాయి. విడిపోయే వాళ్ల కుండలిలో వెళ్లే గ్రహం తిరిగి చూడకుండా రాశి దాటిపోతుంది. ఇక్కడ దాటకముందే వెనక్కి మళ్లుతోంది. నేను "అయిపోయింది" అనకపోవడానికి కారణం ఇదొక్కటే.

అలాగని శుభం కార్డు వేయడం లేదు. మార్చి 9 నాటికి బుధుడు వక్రంలోనే కాక సూర్యుడికి బాగా దగ్గరగా, అస్తంగతుడై ఉంటాడు. గురువు కూడా 11 దాకా వక్రమే. ఇద్దరూ వెనక్కి నడుస్తూ, ఒకరు వెలుగు లేకుండా ఉన్నప్పుడు జరిగే కలయిక అది. ఆ రోజుల్లో మాట జరుగుతుంది, కానీ సరిగ్గా జరగదు. అప్పుడు అన్నవి, విన్నవి ఆఖరి మాటలుగా తీసుకోవద్దు.

తర్వాత బుధుడు 20న మళ్లీ ముందుకు తిరిగి, ఏప్రిల్ మొదటి వారంలో మూడోసారి గురువుతో త్రికోణంలోకి వస్తాడు. అప్పటికి ఇద్దరిదీ సరైన నడక, బుధుడు సూర్యుడికి దూరంగా ఉంటాడు. గట్టి మాట అనేది ఉంటే అప్పుడు రావాలి. అప్పుడూ రాకపోతే నేను 77 గారి వైపు వచ్చేస్తాను.

చంద్రుణ్ణి కూడా చూడాలి. మీనంలో శనిని దాటి ఏడెనిమిది డిగ్రీలు ముందుకొచ్చాడు. గడ్డుకాలం కొంత వెనకబడింది. ఇప్పుడు గురువు వైపు వెళ్తున్నాడు, కానీ కేంద్ర దృష్టితో. తాజికంలో దాన్ని గుప్త శత్రు దృష్టి అంటారు. పైకి గొడవ ఉండదు, లోపల ఇద్దరూ ఏదో ఒకటి దాచుకుంటారు. సింధూ, నువ్వు అతనికి చెప్పనిది ఏమైనా ఉందా?

సింధు_డాలస్ | ఫిబ్రవరి 20, రా. 10:15

ఉందండి. ఇక్కడ రాయలేను.

వరాహ_వైజాగ్ | ఫిబ్రవరి 21, ఉ. 7:30

శర్మ గారికి నమస్కారం. మీ గణితంతో పేచీ లేదు, స్థలంతోనే. నేను నేర్చుకున్న దారిలో ప్రశ్న అడిగిన మనిషి ఎక్కడుంటే అక్కడి లగ్నమే. ఎదురుగా కూర్చుని అడిగే రోజుల్లో ఈ చిక్కే లేదు. ఇప్పుడు అమ్మాయి డాలస్‌లో, మీరు కూకట్‌పల్లిలో. డాలస్‌కి తెల్లవారుజాము 3:20కి వేశాను. ధనుర్లగ్నం, ఆరంభ డిగ్రీలు.

చిత్రం చూడండి. లగ్నాధిపతి గురువు, సప్తమాధిపతి బుధుడు. మీ కుండలిలోని ఇద్దరే, తారుమారయ్యారు. డాలస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య రేఖాంశాల్లో ఇంచుమించు సగం భూమి తేడా, కాబట్టి అక్కడ ఉదయించే రాశి ఇక్కడ అస్తమిస్తూ ఉంటుంది. మీ లెక్కలో దాటిపోయి వెనక్కి తిరిగేది అమ్మాయి. నా లెక్కలో అబ్బాయి. మీ లెక్కలో అతని మనసు ఈమె దగ్గర ఉంది. నా లెక్కలో గురువు సప్తమంలో ఉన్నాడు, అంటే ఈమే అతని మీద ఆధారపడి కూర్చుంది.

బంధం నిలవడం, తేదీలు రెండింట్లోనూ ఒకటే. ఎవరు తిరిగి వస్తారన్నదే వేరు. వీళ్లకి కావలసింది కూడా అదే కదా?

కూకట్‌పల్లి_శర్మ | ఫిబ్రవరి 21, ఉ. 9:05

బాగా చూపించారు వరాహ గారూ. ఈ వాదం మా గురువుగారి కాలం నుంచీ ఉంది, ఉత్తరంలో ప్రశ్న వస్తే ఏం చేయాలని. రాసిన ఊరా, చదివిన ఊరా? చదివినవాడికి అర్థమైన క్షణమే ప్రశ్న పుట్టిన క్షణం అన్నారు ఆయన. నేను దాన్నే పట్టుకున్నాను. పైగా తొమ్మిదో ఇంట్లో ఉన్న లగ్నాధిపతి ఈమె స్థితికి సరిపోయాడు. మీ కుండలిలో బుధుడు మూడో ఇంట్లో ఉన్నాడు, దగ్గరి ప్రయాణాల చోటు. అబ్బాయి దూరంలో ఉన్నాడని అది చెప్పడం లేదే?

వరాహ_వైజాగ్ | ఫిబ్రవరి 21, ఉ. 9:40

మూడు అంటే కబురు, ఫోను కూడా. వీళ్ల మధ్య మిగిలింది ఫోనే.

లాజిక్_లక్ష్మణ్ | ఫిబ్రవరి 21, ఉ. 10:12

నేను ఇక్కడ వినోదం కోసం చదువుతుంటాను, ఏమీ అనుకోకండి. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా హైదరాబాద్‌లో ఎవరు ఏ పెళ్లి ప్రశ్న అడిగినా ఇదే మిథున లగ్నం, ఇదే బుధుడు, ఇదే గురువు. అందరికీ ఏప్రిల్ మొదటి వారంలో గట్టి మాట వస్తుందా? అమ్మాయి వెనక్కి తిరిగితే శర్మ గారు గెలుస్తారు, అబ్బాయి తిరిగితే వరాహ గారు. జ్యోతిషం మాత్రం ఓడదు!

ఇంకో సంగతి. హెచ్-1బి లాటరీ ఫలితాలు మామూలుగా మార్చి నెలాఖరుకి వస్తాయి. ఏప్రిల్ మొదటి వారంలో వీళ్లు ఏదో ఒకటి తేల్చుకుంటారని చెప్పడానికి బుధుడు దేనికి?

కూకట్‌పల్లి_శర్మ | ఫిబ్రవరి 21, మ. 12:20

లక్ష్మణ్ గారూ, మొదటి దానికి మా వాళ్లు చెప్పే సమాధానం ఏమిటంటే, సరదాగా అడిగిన వాళ్లకి కుండలి పలకదు, నిజంగా మథనపడి అడిగిన వాళ్లకే పలుకుతుంది. ఇది మీకు తప్పించుకోవడంలా వినిపిస్తుందని తెలుసు. రెండో దానికి నా దగ్గర సమాధానం లేదు. లాటరీ తేదీ అమ్మాయి చెప్పకముందే నాకు తెలుసు, మా మేనల్లుడు అందులోనే ఉన్నాడు. అది నా బుర్రలో లేదని ప్రమాణం చేయలేను.

సింధు_డాలస్ | మార్చి 12, ఉ. 8:45

మళ్లీ నేనే. మొన్న 10న పెద్ద గొడవైంది. చాలా రోజులకి నిజంగా అరుచుకున్నాం. నాకు రాత్రి పది అయితే తనకి ఉదయం తొమ్మిదిన్నర. అమ్మగారికి టిఫిన్ పెట్టి, ఆఫీసు పని మొదలుపెట్టే ముందు అరగంట నాతో మాట్లాడేవాడు. ఈ వారం మూడు రోజులు వరసగా ఫోన్ ఎత్తలేదు. ఎత్తినప్పుడు "ఇప్పుడు కుదరదు" అన్నాడు. నేను అనకూడనివి అన్నాను. తనూ అన్నాడు. శర్మ గారు రాసింది గుర్తొచ్చి, ఆఖరి మాట అనకుండా పెట్టేశాను.

రాహుకేతు_77 | మార్చి 12, ఉ. 9:01

నేను ముందే చెప్పాను.

లాజిక్_లక్ష్మణ్ | మార్చి 12, ఉ. 9:30

సింధు గారూ, 8వ తేదీ ఆదివారం మీ అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకి జరిగాయి. మీ రాత్రి పది ఇప్పుడు ఇక్కడ ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర కాదు. ఎనిమిదిన్నరకి అతను వాళ్లమ్మగారి పనిలో ఉంటాడు కదా? మీరు గంట ముందు చేస్తున్నారు, అతను ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకి ఎదురు చూస్తున్నాడు. ఒక్కసారి కాల్ లాగ్ చూసుకోండి.

సింధు_డాలస్ | మార్చి 12, ఉ. 9:52

చూశాను. మూడు రోజులూ తొమ్మిదిన్నర ప్రాంతంలో తన మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అప్పటికి నాకు పదకొండు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నా. కావాలనే నేను పడుకున్నాక చేస్తున్నాడు, చేశానని చెప్పుకోవడానికి, అనుకున్నాను. ఛీ.

గల్ఫ్_గౌరి | మార్చి 12, ఉ. 10:05

నవంబర్‌లో మళ్లీ వెనక్కి జరుపుతారట, మా చెల్లి అక్కడే ఉంటుంది. క్యాలెండర్‌లో రాసి పెట్టుకో తల్లీ. ఇప్పుడు రాత్రి పదకొండు దాకా మేలుకో, లేకపోతే అతన్ని సాయంత్రం ఆఫీసు అయ్యాక చేయమను. నీకు పొద్దున్నే అవుతుంది.

వరాహ_వైజాగ్ | మార్చి 12, ఉ. 11:15

వక్ర బుధుడు అంటే మేము చెప్పేది ఇదే కదా, సమయంలో, కబురులో తేడాలు. లక్ష్మణ్ గారు కారణం చెప్పారు, మేము కాలం చెప్పాం.

లాజిక్_లక్ష్మణ్ | మార్చి 12, ఉ. 11:20

కాలం చెప్పింది అమెరికా ప్రభుత్వం.

సింధు_డాలస్ | ఏప్రిల్ 8, ఉ. 7:10

ఏమైందో చెప్పమని చాలామంది మెసేజ్ చేశారు. లాటరీలో పేరు రాలేదు. నాది స్టెమ్ డిగ్రీ, ఓపీటీకి ఇంకో 24 నెలల పొడిగింపు ఉంది కాబట్టి వెంటనే పెట్టె సర్దుకోవాల్సిన పని లేదు. వచ్చే ఏడాది మళ్లీ వేయొచ్చు.

ఫలితం రాకముందే, మార్చి 28న, తనతో కూర్చుని మాట్లాడాను. అప్పుడు ఇక్కడ రాయలేనన్న విషయం చెప్పాను. నాకు ఇక్కడ ఉండాలని లేదు. లోన్ తీరేదాకా ఉండాలి, అంతే. తన కోసం వెనక్కి వస్తున్నానని అనుకుంటాడేమో, ఆ బరువు తన మీద పడుతుందేమో అని ఇన్నాళ్లూ చెప్పలేదు. తనూ ఒకటి దాచాడు. నా కోసమని వాళ్ల కంపెనీ టొరంటో ఆఫీసుకి బదిలీ అడిగాడట, జనవరిలోనే. ఇంకా జవాబు రాలేదు. అమ్మగారికి కూడా చెప్పలేదు.

కాబట్టి ఇప్పుడు మా పరిస్థితి ఏంటంటే, నేను అటు రావాలనుకుంటున్నాను, తను ఇటు రావాలనుకుంటున్నాడు. ఈ నెల 4న మళ్లీ మాట్లాడుకున్నాం. బదిలీకి జవాబు వచ్చేదాకా ఆగి, వస్తే ఒకలా, రాకపోతే ఇంకోలా అనుకున్నాం. ఎవరు మారాలన్నది తేలలేదు. విడిపోవడం గురించి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

అన్నట్టు, ఈ చర్చ తనకి చూపించాను. "గుప్త శత్రువు ఎవరే" అని రెండు రోజులు ఏడిపించాడు.

కూకట్‌పల్లి_శర్మ | ఏప్రిల్ 8, ఉ. 8:30

సంతోషం తల్లీ. వెనక్కి తిరగాలన్న మాట ముందు నీ నోట వచ్చింది కాబట్టి హైదరాబాద్ లగ్నమే పలికిందని నేననుకుంటాను. గట్టి మాట మాత్రం నేను చెప్పిన దానికంటే వారం ముందు వచ్చింది. అప్పటికి బుధుడు ముందుకి నడుస్తున్నాడు గానీ త్రికోణం ఇంకా పూర్తి కాలేదు. ఆ తేడా నా ఖాతాలోనే వేసుకుంటాను.

వరాహ_వైజాగ్ | ఏప్రిల్ 8, ఉ. 8:48

జనవరిలోనే బదిలీ అడిగినవాడు ముందు కదిలాడా, మార్చిలో మాట ఎత్తిన అమ్మాయి ముందు కదిలిందా? నేను ధనుర్లగ్నం వదలను.

సింధు_డాలస్ | ఏప్రిల్ 8, ఉ. 9:02

శర్మ గారూ, బదిలీ వస్తుందా అని ఇంకో ప్రశ్న వేయమంటారా?

కూకట్‌పల్లి_శర్మ | ఏప్రిల్ 8, ఉ. 9:20

నువ్వు వద్దు. ఒకే విషయాన్ని తిప్పి తిప్పి అడిగితే కుండలి నీ ఆందోళననే చూపిస్తుంది, విషయాన్ని కాదు. బదిలీ అతనిది, దరఖాస్తు అతనిది. అడగాలనిపిస్తే అతన్నే అడగమను. అప్పుడు సప్తమం కాదు, దశమం చూడాలి. అంతకన్నా ముందు వాళ్లమ్మగారికి టొరంటో సంగతి చెప్పమను. దానికి లగ్నం అక్కర్లేదు.

మెల్‌బోర్న్_మధు | ఏప్రిల్ 8, ఉ. 11:45

అందరికీ హాయ్. మాది కూడా సేమ్ కేస్. నేను ఇక్కడ, తను గుంటూరులో, ఆర్నెల్లుగా వాళ్ల నాన్న ఫోన్ తీసేసుకున్నాడు. శర్మ గారూ, నాకూ కాస్త చూడరా? ఇక్కడ ఇప్పుడు సాయంత్రం 4:15.

కూకట్‌పల్లి_శర్మ | ఏప్రిల్ 8, మ. 12:30

ఇది సేమ్ కేస్ కాదు నాయనా. ఫోన్ తీసేసుకున్న నాన్న ఉన్నచోట ముందు నాలుగు, తొమ్మిది ఇళ్లు చూడాలి. వేరే చర్చ తెరిచి రాయి. అమ్మాయి వయసు, చదువు అయిందా లేదా అన్నది కూడా రాయి. పుట్టిన తేదీలు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టకు.